రేఖీయ, భ్రమణ రాశుల పోలిక పట్టిక

పరీక్షకు ముందు విద్యార్థులు తిరగేసే ఈ పట్టికలో ఒకవైపు రేఖీయ చలన రాశులు, ఎదురుగా వాటికి జోడైన భ్రమణ రాశులు ఉంటాయి. స్థానభ్రంశం x కి కోణం θ, వేగం v కి కోణీయ వేగం ω, త్వరణం a కి కోణీయ త్వరణం α, బలం F కి టార్క్ τ, ద్రవ్యరాశి m కి జడత్వ భ్రామకం I, ద్రవ్యవేగం p కి కోణీయ ద్రవ్యవేగం L. అక్షరాలు మార్చితే చాలు, F = ma కాస్తా τ = Iα అవుతుంది, ½mv² కాస్తా ½Iω² అవుతుంది. వరసలన్నీ ఒకే తీరుగా కనిపించినా m, I ల వరస మిగతావాటి లాంటిది కాదు. పట్టికను ఎంతవరకు నమ్మవచ్చో తేల్చేది ఆ వరసే.

చరిత్ర చూస్తే ఈ తేడా మొదటినుంచీ ఉంది. I ని ఎవరూ m ని చూసి తయారుచేయలేదు. డచ్చి శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ 1673లో గడియారాల లోలకాలపై ప్రచురించిన గ్రంథంలో, బరువంతా ఒకే బిందువు దగ్గర లేని లోలకం ఎంత పొడవున్న సాధారణ లోలకంతో సమానంగా ఊగుతుందో లెక్కగట్టాడు. ప్రతి కణం ద్రవ్యరాశిని అక్షం నుంచి దాని దూరపు వర్గంతో గుణించి కూడిన మొత్తం, అంటే Σmr², ఆ లెక్కలో వచ్చింది. న్యూటన్ ‘ప్రిన్సిపియా’ వెలువడింది ఆ తర్వాత, 1687లో. హైగెన్స్ ఆ మొత్తానికి పేరు పెట్టలేదు. దృఢవస్తువుల చలనంపై 1765లో వచ్చిన గ్రంథంలో ఆయిలర్ దాన్ని జడత్వ భ్రామకం అన్నాడు. ఆ మొత్తంలోనే అక్షం నుంచి దూరం ఉంది కాబట్టి I అనేది వస్తువుకు మాత్రమే చెందిన గుణం కాదు, వస్తువుకూ అక్షానికీ కలిపి వచ్చే రాశి. 2 కి.గ్రా. ద్రవ్యరాశి, 0.5 మీ. వ్యాసార్ధం ఉన్న రింగును దాని కేంద్రం గుండా తలానికి లంబంగా ఉన్న అక్షం చుట్టూ తిప్పితే I = 0.5 kg m². అక్షాన్ని సమాంతరంగా అంచుకు జరిపితే అదే రింగుకు I = 1 kg m². ద్రవ్యరాశి మాత్రం రెండుసార్లూ 2 కి.గ్రా.లే.

రాకెట్ ద్రవ్యరాశి కూడా మారుతుంది కదా, ఇందులో వింతేముందని అడగవచ్చు. రాకెట్ తనలోని పదార్థాన్ని బయటికి వదులుతుంది. తిరిగే బల్లపై చేతులు చాచి నిలబడ్డ మనిషి చేతులు ముడిస్తే గ్రాము కూడా పోదు, అయినా I తగ్గుతుంది. అది 4 నుంచి 2 kg m² కి తగ్గిందనుకుందాం. బయటి టార్క్ లేదు కనుక L మారదు, అందుకే ω 3 నుంచి 6 rad/s కి పెరుగుతుంది. గతిజశక్తి ½Iω² మాత్రం 18 నుంచి 36 జౌళ్లకు చేరుతుంది. ఆ అదనపు 18 జౌళ్లు చేతులను లోపలికి లాగిన కండరాల పని. ఇక్కడ τ = 0 అని τ = Iα లో పెట్టినవారికి α = 0 అని, అంటే వేగం మారదని, తప్పు జవాబు వస్తుంది. I మారేచోట వాడవలసింది τ = dL/dt.

పరీక్ష రేపే ఉంటే ఇంత ఆలోచనకు తీరిక ఎక్కడిదన్న అభ్యంతరంలో న్యాయముంది. స్థిరమైన అక్షం చుట్టూ ఆకారం మారని వస్తువు తిరిగే లెక్కల్లో పట్టిక ఒక్కటే చాలు, ω ని నిమిషానికి చుట్ల నుంచి rad/s లోకి మార్చుకుంటే సరి. అయినా I గడి పక్కన ‘ఏ అక్షం? మారుతోందా?’ అని రాసుకోవడానికి అర నిమిషం కూడా పట్టదు.