గల్ఫ్ నుంచి ఇంటికి ఈద్ కానుక: ఆన్‌లైన్‌లో ఎలా కొంటే మేలు?

సౌదీలో ఉన్న కొడుకు అవనిగడ్డలో ఉన్న అమ్మీకి ఈద్‌కి ఒక మిక్సీ, ఒక చీర, కిలో బందరు లడ్డు పంపాలనుకున్నాడు అనుకుందాం. అక్కడే కొని కొరియర్ చేయడం మాత్రం వద్దు. ఇంతకుముందు విదేశాల నుంచి రూ.5,000 లోపు కానుకలు సుంకం లేకుండా వచ్చేవి. 2019 డిసెంబర్ 12న కేంద్రం దాన్ని ఆపేసింది. ప్రాణాలు నిలిపే మందులకు, రాఖీలకు తప్ప ఆ మినహాయింపు లేదు. మిగతా వాటికి పూర్తి సుంకం కట్టాల్సిందే. కాబట్టి డబ్బు అక్కడిదైనా వస్తువు ఇక్కడ కొనాలి.

మిక్సీకి పెద్ద ఆన్‌లైన్ సైట్లే నయం, వారంటీ ఇక్కడ పనికొస్తుంది. ముందు అమ్మీ ఇంటి పిన్‌కోడ్ 521121 కొట్టి చూడండి. విజయవాడ పిన్‌కోడ్‌కి రేపే అని చూపించిన వస్తువు దివిసీమకి చాలాసార్లు ఇంకొన్ని రోజులు పడుతుంది. అసలు చిక్కు ఓటీపీతో వస్తుంది. ఖరీదైన వస్తువైతే డెలివరీ అబ్బాయి నంబర్ అడుగుతాడు, అది వెళ్లేదేమో ఆర్డర్ పెట్టిన వాళ్ల ఫోన్‌కి. ఇక్కడ ఉదయం 11 అంటే సౌదీలో 8:30, డ్యూటీ టైం. ఫోన్ ఎత్తకపోతే పార్సిల్ వెనక్కి పోతుంది. అందుకే ఊళ్లో ఉన్న తమ్ముడి అకౌంట్ నుంచి ఆర్డర్ పెట్టించి, డబ్బు మీరు కట్టడం మేలు. అడ్రస్‌లో కూడా తమ్ముడి నంబర్, పక్కనున్న మసీదు పేరు రాయండి. క్యాష్ ఆన్ డెలివరీ పెడితే కానుక డబ్బు అమ్మీయే కట్టాలి, అది బాగుండదు.

లడ్డు సంగతి వేరు. తినేది కాబట్టి సైట్ల కంటే మచిలీపట్నం షాపు వాళ్లకే ఫోన్ చేయండి. చీరకి కూడా విజయవాడ బీసెంట్ రోడ్డులో తెలిసిన షాపు ఉంటే వీడియో కాల్‌లో చూపిస్తారు. ఈద్ ముందు రోజు దాకా ఆగకండి, షాపుల్లో రద్దీకి ఫోన్ ఎత్తేవాళ్లే ఉండరు. ఏ బస్సుకి వేస్తున్నారో, ఎవరు తీసుకోవాలో అడిగి, బిల్లు ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకోండి.

ఇక షాపుకి డబ్బు కట్టడం. ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకు విదేశీ నంబర్‌తోనే యూపీఐ వాడుకోవచ్చని 2023 జనవరిలో 10 దేశాల జాబితా ఇచ్చారు. అందులో సౌదీ, యూఏఈ, ఖతర్, ఒమన్ ఉన్నాయి. కువైట్, బహ్రెయిన్ లేవు. అక్కడి వాళ్లు అదే ఖాతా నుంచి నెట్ బ్యాంకింగ్‌లో షాపు ఖాతాకి పంపొచ్చు. కొత్త షాపైతే ముందు ఒక్క రూపాయి పంపి, తెర మీద కనిపించే పేరు బిల్లు మీద పేరుతో కలుస్తుందో లేదో చూడండి. "డబ్బు తిరిగి వేస్తాం, పిన్ కొట్టండి" అంటే వెంటనే ఫోన్ పెట్టేయండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి.