పటాలు దించిన సైన్యం

క్రీ.శ. 726లో ఏజియన్ సముద్రంలోని థీరా అగ్నిపర్వతం బద్దలైంది. తూర్పు రోమన్ చక్రవర్తి మూడో లియోకు అందులో దేవుడి కోపం కనిపించింది. అప్పటికే అరబ్బులు రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌ను ఏడాదిపాటు ముట్టడించి వెళ్లారు. ప్రజలు క్రీస్తు, మరియమ్మల పటాలకు మొక్కడమే ఈ అరిష్టాలకు మూలమని లియో తేల్చుకున్నాడు. 730లో పటాలను వద్దనడానికి ఒప్పుకోని పాట్రియార్క్ జెర్మనోస్ పదవి వదులుకోవాల్సి వచ్చింది.

పటాల మీది ఈ వ్యతిరేకతకు శాస్త్ర బలం కూర్చినవాడు లియో కొడుకు ఐదో కాన్‌స్టాంటైన్. 754లో హియెరియా రాజభవనంలో 338 మంది బిషప్పులను కూర్చోబెట్టి, పటాలను నిషేధిస్తూ తీర్మానం చేయించాడు. క్రీస్తు దైవత్వాన్ని రంగుల్లో గీయలేం, మానుషత్వాన్ని మాత్రమే గీస్తే ఆయన్ని రెండు ముక్కలు చేసినట్లేనన్నది వారి వాదన. కానీ సైనికులను కట్టిపడేసింది ఈ తర్కం కాదు, గెలుపు. బల్గర్లపై వరుస విజయాలు తెచ్చిన ఆ చక్రవర్తి, రాజధానిలో తనకు విధేయమైన ప్రత్యేక దళాలను తయారు చేసుకున్నాడు.

ఆ దళాల సత్తా 786లో మహారాణి ఐరీన్‌కు తెలిసొచ్చింది. పటాలను తిరిగి నిలబెట్టాలని ఆమె పవిత్ర అపొస్తలుల చర్చిలో సభ పెట్టింది. ఆమె పైనుంచి చూస్తుండగానే సైనికులు కత్తులు దూసి లోపలికి చొరబడ్డారు. సభ చెదిరిపోయింది. బిషప్పుల్లోనే కొందరు గెలిచామని కేకలు వేశారట.

ఐరీన్ వాదనకు దిగలేదు. అరబ్బులపై దండయాత్ర ఉందని చెప్పి ఆ దళాలను ఆసియా తీరానికి తరలించింది. థ్రేస్ సేనలను నగరంలోకి రప్పించుకుని, తరలించిన దళాల ఆయుధాలు లాక్కుని వారిని ఇళ్లకు పంపేసింది. మరుసటి ఏడాది నైసియాలో సభ సాఫీగా సాగింది. పటానికి చేసే వందనం అందులోని వ్యక్తికే చెందుతుందని, ఆరాధన మాత్రం దేవుడొక్కడికేనని అక్కడ తీర్మానించారు. వేదాంత చర్చగా చెప్పుకునే ఈ మలుపు నిజానికి దళాల బదిలీతోనే సాధ్యమైంది.

బల్గర్లు మళ్లీ విజృంభించాక కథ తిరగబడింది. 811లో చక్రవర్తి నికెఫోరోస్ వారి చేతిలో హతమయ్యాడు. 813లో వారు రాజధాని మీదికి వస్తుంటే, కొందరు అదే అపొస్తలుల చర్చిలో కాన్‌స్టాంటైన్ సమాధిమీద పడి, లేచొచ్చి రాజ్యాన్ని కాపాడమని మొరపెట్టుకున్నారు. (ఈ సంగతి రాసినవాడు కాన్‌స్టాంటైన్‌ను అసహ్యించుకునే సన్యాసి. కాస్త మసాలా ఉండొచ్చు.) కొత్త చక్రవర్తి ఐదో లియో లెక్క సూటిగా ఉంది: పటాలు దించినవారు సింహాసనం మీద ఉండగానే పోయారు, పటాలకు మొక్కినవారు పదవో ప్రాణమో పోగొట్టుకున్నారు. 815లో నిషేధం తిరిగొచ్చింది.

838లో ఆ లెక్క తప్పింది. పటాలంటే పడని చక్రవర్తి థియోఫిలోస్ పాలనలోనే, అతని వంశానికి పుట్టిల్లయిన అమోరియన్‌ను అరబ్బులు నేలమట్టం చేశారు. అతను పోయాక 843లో భార్య థియోడోరా పటాలను తిరిగి నిలబెట్టింది, ఒక షరతుతో: శాపనార్థాల జాబితాలో తన భర్త పేరు ఉండకూడదు. చర్చి పెద్దలు ఒప్పుకున్నారు.