ముళ్లపొదల్లో గోళం

క్రీ.పూ. 75. సిసిలీ దీవిలోని సిరక్యూజ్ నగర ద్వారం పక్కన, కిక్కిరిసిన సమాధుల మధ్య ఓ రోమన్ అధికారి దేనికోసమో వెతుకుతున్నాడు. పేరు సిసిరో, వయసు ముప్పై దాటింది. ఆర్కిమెడిస్ సమాధి చూపించమంటే ఊరి పెద్దలు అలాంటిదేమీ లేదన్నారు. కానీ ఆ సమాధి మీద చెక్కిన పద్యం అతను ఎప్పుడో విన్నాడు. పైన ఒక గోళం, ఒక స్థూపం ఉంటాయని అందులో ఉంది.

అదిగో, ముళ్లపొదల మీదుగా ఓ చిన్న రాతి స్తంభం తల కనిపించింది. దాని మీద ఆ రెండు బొమ్మలూ ఉన్నాయి. కొడవళ్లతో మనుషులు దిగారు, దారి తెరుచుకుంది.

ఆర్కిమెడిస్ చనిపోయి అప్పటికి 137 ఏళ్లు. తన సమాధి మీద ఆ బొమ్మే పెట్టమని బంధువులను ఆయనే కోరాడని ప్లూటార్క్ రాశాడు. ఎన్నో యంత్రాలు కట్టిన మనిషి, సమాధి మీదికి ఒక్క యంత్రాన్నీ ఎంచుకోలేదు!

ఆ బొమ్మలో ఏముందో చూడాలంటే ఒక బంతి తీసుకుందాం. వ్యాసార్ధం 10 సెంటీమీటర్లు. దాన్ని సరిగ్గా పట్టే స్థూపాకారపు డబ్బాలో పెట్టండి. ఇప్పుడు డబ్బానీ బంతినీ కలిపి, 1 సెంటీమీటరు ఎడంగా రెండు అడ్డకోతలు కోయండి. డబ్బా గోడ నుంచి వచ్చే పట్టీ వైశాల్యం, దాని చుట్టుకొలత 62.8ని 1తో గుణిస్తే వచ్చే 62.8 చదరపు సెంటీమీటర్లు. బంతి పైపొర నుంచి వచ్చే పట్టీదీ అంతే. నడుము దగ్గర అంటే నమ్మొచ్చు, అక్కడ బంతి గోడకు ఆనుకునే ఉంటుంది. కానీ నడినెత్తిన కోసినా అంతే వస్తుందంటే మనసు ఒప్పుకోదు. అక్కడ దొరికేది చిన్న మూత కదా!

నడుముకు 8 సెంటీమీటర్ల ఎత్తున ఆగి చూడండి. అక్కడి వలయం వ్యాసార్ధం 6 మాత్రమే, అంటే చుట్టుకొలత నడుము చుట్టుకొలతలో పదింట ఆరు వంతులు. పట్టీ పొట్టిదైంది. అయితే అక్కడ బంతి ఒంపు తిరిగి వాలుగా ఉంది. నిలువునా 1 మిల్లీమీటరు ఎక్కాలంటే చీమ వాలు వెంట 1.67 మిల్లీమీటర్లు నడవాలి, అంటే ఆరింట పది వంతులు. ఒకవైపు ఎంత తగ్గిందో రెండోవైపు అంతే పెరిగింది.

ఇది కాకతాళీయం కాదు. కేంద్రం నుంచి ఆ బిందువుకు గీసిన వ్యాసార్ధం 10 కర్ణంగా, 8, 6 భుజాలుగా ఒక త్రిభుజం ఏర్పడుతుంది. బంతి ఉపరితలం ఎక్కడైనా వ్యాసార్ధానికి లంబంగానే ఉంటుంది. కాబట్టి చీమ ఎక్కే చిన్న త్రిభుజం, పెద్ద త్రిభుజాన్నే లంబకోణం తిప్పి కుదించినట్టు ఉంటుంది. అందుకే ఏ ఎత్తులోనైనా ఈ లెక్క సరిపోతుంది. సన్నటి పట్టీలన్నీ కలిపితే వైశాల్యం 2πRh. ఇక్కడ h అంటే రెండు కోతల మధ్య నిలువు దూరం. ఒంపు వెంట టేపు పెట్టి కొలిచారో, లెక్క తప్పుతుంది.

‘సన్నటి పట్టీలు’ అని మనం తేలిగ్గా అనేశాం. ఆర్కిమెడిస్ అలా వదల్లేదు. వృత్తంలో బహుభుజిని ఇమిడ్చి తిప్పాడు. బకెట్ల లాంటి ఆకారాలు వచ్చాయి. వాటి వైశాల్యాలు కూడి, బయటి నుంచి కూడా అలాగే కట్టి, అసలు వైశాల్యం తను చెప్పినదానికంటే ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు అని బిగించాడు. ఆయన రాసిన మాట ఇది: మూత వైశాల్యం, దాని కొన నుంచి అంచుకు ఉన్న సూటి దూరాన్ని వ్యాసార్ధంగా తీసుకున్న వృత్తానికి సమానం. మన మూతకు ఆ దూరం 20కి వర్గమూలం. వృత్తం వైశాల్యం 20π, అదే 62.8. పెద్ద మూతలోంచి చిన్న మూత తీసేస్తే మధ్య పట్టీ మిగులుతుంది.

ఈ సమానత్వం తొక్కకే, గుజ్జుకు కాదు. మన బంతిని బత్తాయి అనుకుంటే, నెత్తి ముక్క ఘనపరిమాణం సుమారు 30 ఘన సెంటీమీటర్లు, నడుము ముక్కది 314. తొక్క సమానమే కదా అని నెత్తి ముక్క తీసుకున్నవాడికి పదో వంతే దక్కుతుంది.

భూమిని గోళమే అనుకుంటే, 30 డిగ్రీల అక్షాంశం ఎత్తు వ్యాసార్ధంలో సరిగ్గా సగం. కాబట్టి ఉత్తరార్ధగోళంలో సగం నేలా నీరూ భూమధ్యరేఖకు, ఆ గీతకు మధ్యే ఉన్నాయి. మిగతా 60 డిగ్రీలకు దక్కేది ఆ రెండో సగమే. అందరికీ అలవాటైన మెర్కేటర్ పటం చూస్తే ఇది ఎవరికీ తట్టదు, అందులో ధ్రువాల వైపు నేల అంతగా సాగిపోయి ఉంటుంది.

సిసిరో పీఠం దగ్గరకు వెళ్లాడు. పద్యం కనిపించింది. ప్రతి పాదంలో రెండో సగం అరిగిపోయింది. ఆ తర్వాత ఆ స్తంభం కూడా జాడ లేకుండా పోయింది. ఇవాళ సిరక్యూజ్‌లో ఆర్కిమెడిస్ సమాధి అని చూపించే గుహ, ఆయన కాలానికి చాలా తర్వాత రోమన్లు తొలిచినది. దాని మీద గోళమూ లేదు, స్థూపమూ లేదు.