ఎన్ఆర్ఓ డిపాజిట్ వడ్డీపై అధిక పన్ను కోత, వాపసు

విదేశాల్లో స్థిరపడిన భారతీయులు ఇక్కడి ఆదాయాన్ని జమ చేసుకునే రూపాయి ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతా అంటారు. ఊళ్లో పొలం కౌలు, హైదరాబాదు ఫ్లాటు అద్దె, అమ్మిన ఇంటి తాలూకు డబ్బు ఇందులోకే వస్తాయి. ఈ ఖాతాలోని ఫిక్స్‌డ్ డిపాజిట్లపై వడ్డీకి భారతదేశంలో పన్ను ఉంది. విదేశీ సంపాదనను దాచుకునే ఎన్ఆర్ఈ ఖాతా వడ్డీకి పన్ను లేదు కాబట్టి ఈ చిక్కు దానికి రాదు.

1961 ఆదాయపు పన్ను చట్టం 195వ సెక్షన్ ప్రకారం బ్యాంకు ఎన్ఆర్ఓ వడ్డీలో 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు కలిపి 31.2 శాతం కోస్తుంది. ఆదాయం 50 లక్షలు దాటితే సర్‌చార్జి కూడా పడుతుంది. స్థానికులకు ఉన్నట్టు ఇంత మొత్తం వరకు కోత లేదనే వెసులుబాటు ఇక్కడ లేదు. మొదటి రూపాయి నుంచీ కోతే. స్థానికులు ఇచ్చే 15జి, 15హెచ్ ఫారాలు ప్రవాసులకు చెల్లవు. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి రావడంతో సెక్షన్ల సంఖ్యలు మారాయి. ఈ వ్యాసంలోని లెక్కలు, సెక్షన్లు, ఫారాలు 2024-25 ఆర్థిక సంవత్సరానివి, కాబట్టి పాత చట్టానివే.

కోత తగ్గించుకునే దారి ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం. అమెరికా, బ్రిటన్‌లతో ఉన్న ఒప్పందాల్లో ఇలాంటి వడ్డీపై పన్ను 15 శాతం మించకూడదు. యూఏఈ విషయంలో అది 12.5 శాతం. ఆ రేటు వర్తించాలంటే బ్యాంకుకు మూడు కాగితాలు అందాలి: తాను ఉంటున్న దేశపు పన్ను శాఖ ఇచ్చే నివాస ధ్రువపత్రం, ఆదాయపు పన్ను పోర్టల్‌లో నింపే ఫారం 10ఎఫ్, తనకు భారతదేశంలో స్థిర వ్యాపార కేంద్రం లేదనీ ఆ వడ్డీకి అసలు హక్కుదారు తానేననీ చెప్పే స్వీయ డిక్లరేషన్. బ్యాంకులు వీటిని ఏటా కొత్తగా అడుగుతాయి. పోయిన ఏడు ఇచ్చాం కదా అని ఊరుకున్నవారికి ఏప్రిల్ నుంచి మళ్లీ 31.2 శాతం కోత మొదలవుతుంది.

అమెరికాలో ఉన్నవారికి జాప్యం ఎక్కువగా నివాస ధ్రువపత్రం దగ్గరే వస్తుంది. దాని పేరు ఫారం 6166. ఫారం 8802తో, వ్యక్తులైతే 85 డాలర్ల రుసుము కట్టి, అక్కడి రెవెన్యూ శాఖ ఐఆర్ఎస్‌కు దరఖాస్తు పెట్టాలి. చేతికి రావడానికి నెలలు పట్టవచ్చు. పైగా ఆ పత్రం క్యాలెండర్ సంవత్సరానికి ఇస్తారు, మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. 2024 పత్రం ఒక్కటే ఇస్తే జనవరి నుంచి మార్చి వరకు వచ్చిన వడ్డీకి ఆధారం లేదని బ్యాంకు అనవచ్చు.

డిక్లరేషన్ అందక బ్యాంకు కోసినది పన్ను కాదు, పన్ను కింద ముందుగా పట్టుకున్న సొమ్ము. అసలు పన్ను ఎంతో తేలేది రిటర్నులోనే. ప్రవాసుల ఎన్ఆర్ఓ వడ్డీకి మామూలు స్లాబులే వర్తిస్తాయి. ఒప్పందపు రేటు, స్లాబు లెక్క, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాన్ని ఎంచుకునే హక్కు 90వ సెక్షన్ ఇస్తుంది. ఇది తెలియక చాలామంది 15 శాతమే తమకు దక్కగల మేలు అనుకుంటారు.

డాలస్‌లో ఉంటున్న ఒకరికి 2024-25లో విజయవాడ బ్యాంకు డిపాజిట్లపై 8 లక్షల వడ్డీ వచ్చిందనుకుందాం. ఇండియాలో వేరే ఆదాయం లేదు. డిక్లరేషన్ అందలేదని బ్యాంకు రూ.2,49,600 కోసింది. ఒప్పందపు రేటుతో పన్ను రూ.1,20,000. అదే కొత్త పన్ను విధానం స్లాబుల్లో చూస్తే మొదటి 3 లక్షలకు పన్ను లేదు, తర్వాతి 4 లక్షలకు 5 శాతం చొప్పున రూ.20,000, మిగిలిన లక్షకు 10 శాతం చొప్పున రూ.10,000. సెస్సుతో కలిపి రూ.31,200. అంటే వాపసు రావలసింది రూ.2,18,400. దీనికి అమెరికా పత్రం అక్కర్లేదు, ఒప్పందం ఊసే ఎత్తనక్కర్లేదు. చిన్న ఆదాయాలపై పన్ను పూర్తిగా తీసేసే 87ఏ రిబేటు మాత్రం ప్రవాసులకు లేదు.

అదే మనిషికి ఖర్చులు, తగ్గింపులు పోగా 20 లక్షల అద్దె ఆదాయం కూడా ఉంటే కథ మారుతుంది. స్లాబులన్నీ అద్దెతోనే నిండిపోయాయి కాబట్టి వడ్డీలో ప్రతి రూపాయికీ 31.2 శాతం పడుతుంది. ఇక్కడ ఒప్పందపు రేటు కోరితేనే రూ.1,29,600 తిరిగి వస్తుంది, దానికి నివాస ధ్రువపత్రం తప్పనిసరి. గడిచిన సంవత్సరానికి కూడా ఆ పత్రం తెచ్చుకోవచ్చు. వడ్డీ తప్ప వేరే ఆదాయం లేనివారికి ఆ ఏడాది స్లాబులతో దాదాపు 20 లక్షల వడ్డీ వరకు స్లాబు లెక్కే చవక.

కోసిన సొమ్ము ప్రభుత్వ ఖాతాకు చేరాక బ్యాంకు దాన్ని తిరిగి ఇవ్వదు. బ్రాంచి మేనేజరుతో వాదించి లాభం లేదు. ఆయన చేయగలిగింది ఫారం 16ఏ ఇవ్వడమే. అందులోని మొత్తం పోర్టల్‌లోని 26ఏఎస్‌తో సరిపోవాలి. పాన్ తప్పుగా పడితే సొమ్ము అక్కడ కనిపించదు. అప్పుడు బ్యాంకు తన త్రైమాసిక వివరణ పత్రం 27క్యూను సరిదిద్దేదాకా వాపసు కదలదు.

రిటర్ను ఐటీఆర్-2లో వేయాలి. నివాస స్థితి దగ్గర ప్రవాసి అని పెట్టాలి. ఒప్పందపు రేటు కోరేవారు ఇతర ఆదాయాల షెడ్యూలులో ఆ వడ్డీని ప్రత్యేక వరుసలో చూపి దేశం, ఒప్పందపు అధికరణం (అమెరికాకైతే 11), రేటు, నివాస ధ్రువపత్రం ఉందన్న సమాధానం నింపాలి. ఈ వరుస వదిలేసి చివరి అంకె మాత్రం తగ్గించి చూపితే బెంగళూరు కేంద్రం స్లాబు రేటుతోనే లెక్కగట్టి నోటీసు పంపుతుంది. రిటర్ను పంపాక 30 రోజుల్లో దాన్ని ధ్రువీకరించాలి. ఆధార్ లేని ప్రవాసులు నెట్ బ్యాంకింగ్ ద్వారానో, సంతకం చేసిన కాగితాన్ని బెంగళూరుకు పంపో ఆ పని ముగించవచ్చు. వాపసు పడే ఖాతాను పోర్టల్‌లో ముందే ధ్రువీకరించుకోవాలి. ఖాతాలో పేరు ఒక తీరుగా, పాన్‌లో మరో తీరుగా ఉంటే అక్కడే ఆగిపోతుంది. ఇంటిపేరు ముందు రాసుకునే మనవాళ్లకు ఇది కొత్త కాదు.

గడువులోపు రిటర్ను వేస్తే ఏప్రిల్ 1 నుంచి నెలకు అర శాతం వడ్డీ కూడా ఇస్తారు. పై మొదటి లెక్కలోని వాపసు 2025 అక్టోబరులో వచ్చి ఉంటే ఏడు నెలలకు అది రూ.7,644. ఇది మళ్లీ పన్ను పడే ఆదాయమే.

ఈ తలనొప్పి ఎందుకు, అమెరికా రిటర్నులో 31.2 శాతానికీ క్రెడిట్ తీసుకుంటే పోలేదా అనేవారున్నారు. కుదరదు. విదేశీ చట్టం ప్రకారం నిజంగా కట్టవలసిన పన్నుకే అక్కడ క్రెడిట్ దొరుకుతుంది. అడిగితే తిరిగి వచ్చే సొమ్మును వాళ్లు పన్నుగా లెక్కించరు.

మామూలు గడువు దాటినా డిసెంబరు 31 వరకు ఆలస్యపు రిటర్ను వేయవచ్చు. అదీ పోతే ఐటీఆర్-యూ పనికిరాదు, దానితో వాపసు అడగడానికి చట్టం ఒప్పుకోదు. మిగిలేది 119(2)(బి) కింద ఆలస్యాన్ని మన్నించమని అధికారికి పెట్టుకునే దరఖాస్తు. 2024 అక్టోబరు 1 నాటి సర్క్యులర్ ప్రకారం అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక ఐదేళ్లలోపు దాన్ని పెట్టవచ్చు. కోటి రూపాయల లోపు క్లెయిములైతే ప్రిన్సిపల్ కమిషనర్ లేదా కమిషనర్ పరిశీలిస్తారు. ఆలస్యానికి నిజమైన కారణం చూపించాలి. ఇలా వచ్చే వాపసుపై వడ్డీ ఇవ్వరు.