వంగదేశంలో ఇస్లాము: ఒక గ్రంథ పరిశీలన

బ్రాహ్మణుల పీడన భరించలేక అట్టడుగు కులాలవారు సమానత్వం కోసం ఇస్లాములో చేరారన్నది మన అభ్యుదయవాదులకు ప్రియమైన వాదం. రిచర్డ్ ఈటన్ 1993లో ప్రకటించిన 'ది రైజ్ ఆఫ్ ఇస్లామ్ అండ్ ది బెంగాల్ ఫ్రాంటియర్' ఆ వాదాన్నే ప్రశ్నిస్తుంది. కనుక ఈ గ్రంథాన్ని మనం ఇష్టాయిష్టాలతో గాక, సాక్ష్యంతో తూచవలసి ఉన్నది.

1872 జనాభా లెక్కలలో తూర్పు వంగ గ్రామసీమల్లో ముస్లిములు అధిక సంఖ్యాకులని తేలింది. ఈటన్ ప్రశ్న సూటి అయినది. పీడనే కారణమైతే బ్రాహ్మణాధిపత్యం బలంగా ఉన్నచోట ముస్లిములు ఎక్కువగా ఉండాలి. కాని తూర్పు వంగంలో ఆ ఆధిపత్యం పలుచన. కత్తి బలమే కారణమైతే ఢిల్లీ, ఆగ్రాల చుట్టూ ఎక్కువగా ఉండాలి. అక్కడా తక్కువే. పైగా సామాజిక సమానత్వమనే భాష ఆనాటి పారశీక రచనల్లో లేదు. అది మన కాలపు ఆలోచనను గతానికి అంటగట్టడమే. ఈ ఖండన గట్టిది. మనం ఒప్పుకోక తప్పదు.

దాని స్థానంలో ఆయన పెట్టినది భౌతిక కారణం. గంగ ప్రవాహం తూర్పుకు జరిగింది, అడవి కొట్టి వరి పండించడం సాగింది. మొగలు ప్రభుత్వం అడవినేలను పన్ను లేని ఇనాములుగా ఇచ్చింది. ఇనాముదారు అడవి కొట్టించి మసీదు కట్టించాడు. దాని చుట్టూ పల్లె వెలసింది. దేవుడు నాగలి వెంట వచ్చాడన్నమాట.

లోపం ఇక్కడనే ఉన్నది. ఆయన ముఖ్య సాక్ష్యమైన సనదులు ప్రధానంగా చిట్టగాంగు, సిల్హెట్ జిల్లాలవి. చిట్టగాంగు మొగలుల వశమైనది 1666లో; అక్కడి సనదులు ఆ తరువాతివే. రెండు అంచు జిల్లాల కాగితాలతో ఢాకా, ఫరీద్‌పూర్ కథ కూడా చెప్పవచ్చునా? సిల్హెట్‌లో బ్రాహ్మణులకు సైతం అడవినేల ఇనాములు దక్కాయని ఈటనే చూపిస్తాడు. అడవి జనానికి పూర్వమతం గాఢంగా లేదన్నది ఆయన సమాధానం. అది ఇస్లాముకు అడ్డు లేదని మాత్రమే చెబుతుంది. బ్రాహ్మణమతానికి మాత్రం అడ్డు ఎందుకు వచ్చిందో చెప్పదు.

మరొకటి. సనదు ఇనాముదారుని పేరు చెబుతుంది, భూమి కొలత చెబుతుంది. నాగలి పట్టినవాడు అతనికి ఎంత శిస్తు కట్టాడో, మసీదుకు భక్తితో వెళ్లాడో బాకీ కోసం వెళ్లాడో చెప్పదు. పాలకుని దస్తావేజు నుండి రైతు మనసును చదవడం పద్ధతిలోనే ఉన్న పరిమితి.

అయినా ఈటన్ మతాన్ని నేల మీద, నీటి మీద నిలబెట్టి వెదికాడు. ఆ దారి సరైనది. మిగిలిన పని, అడవి కొట్టిన చేతులకూ ఇనాముదారునికీ నడుమ ఉన్న వర్గసంబంధాన్ని వెదకడం. మన పాత వాదాన్ని వల్లించడం వల్ల ఆ పని జరగదు.