ఆధార్ పీడీఎఫ్ తెరుచుకోవడం లేదా? 'షేక్', 'ఎస్‌కే', 'ఎండీ' పేర్ల దగ్గర వచ్చే చిక్కు ఇదే

స్కాలర్‌షిప్‌కో, కాలేజీ అడ్మిషన్‌కో, పాస్‌పోర్టుకో దరఖాస్తు పెట్టినప్పుడు ఆధార్ పీడీఎఫ్ జత చేయడం మామూలే. కొన్ని రోజుల తర్వాత 'డాక్యుమెంట్ చదవడానికి వీలు కాలేదు' అంటూ దరఖాస్తు వెనక్కి వస్తుంది. ఇంట్లో వాళ్లు ఫైల్ పాడైపోయిందనుకుంటారు. చాలాసార్లు ఫైల్ బాగానే ఉంటుంది, దానికి తాళం మాత్రం ఉంటుంది. తాళంతోనే పంపితే అవతలి ఆఫీసులో కనిపించేది పాస్‌వర్డ్ అడిగే ఖాళీ పెట్టె ఒక్కటే.

ఉదాహరణకు గుంటూరు వైపు ఒక కుటుంబాన్ని అనుకుందాం. కూతురు డిగ్రీ చదువుతోంది, స్కాలర్‌షిప్‌కు తండ్రి ఆధార్ కావాలి. తండ్రి కువైట్‌లో పని చేస్తున్నారు. ఎప్పుడో డౌన్‌లోడ్ చేసి ఉంచుకున్న ఫైల్‌ను వాట్సాప్‌లో పంపారు. నెట్ సెంటర్ అబ్బాయి దాన్ని తెరవకుండానే అప్‌లోడ్ చేసేశాడు. దరఖాస్తు తిరిగొచ్చింది, గడువు ఇంకా రెండు రోజులే ఉంది. కొత్తగా డౌన్‌లోడ్ చేద్దామంటే ఓటీపీ ఆధార్‌కు లింకైన ఇండియా నంబర్‌కు వెళ్తుంది. రీఛార్జ్ లేక ఆ సిమ్ ఎప్పుడో ఆగిపోయింది. ఇక చేతిలో ఉన్న ఫైల్‌నే తెరవాలి.

ముందు తాళమా, పాడైందా తేల్చుకోవాలి

ఫైల్ నొక్కగానే పాస్‌వర్డ్ అడిగితే అది పాడవలేదని అర్థం. కంప్యూటర్‌లో క్రోమ్ బ్రౌజర్ `Failed to load PDF document` అని చూపిస్తే మాత్రం సంగతి వేరు. డౌన్‌లోడ్ మధ్యలో ఆగి ఉండాలి, లేదా అది అసలు పీడీఎఫే కాకపోవచ్చు. సైజు 0 కేబీ అని ఉన్నా అంతే. అలాంటి ఫైల్‌కు ఏ పాస్‌వర్డూ పనికిరాదు, మళ్లీ పంపించుకోవాల్సిందే.

పాస్‌వర్డ్ ఎలా తయారవుతుంది

ఈ-ఆధార్ పాస్‌వర్డ్‌లో రెండు ముక్కలుంటాయి. ఆధార్‌లో ఇంగ్లీషులో ఉన్న పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, అన్నీ పెద్ద అక్షరాల్లో. వాటి వెంటనే పుట్టిన సంవత్సరం, నాలుగు అంకెల్లో. మధ్యలో ఖాళీ ఉండదు.

వినడానికి సులువే. మన పేర్ల దగ్గరే తిరకాసు వస్తుంది. నోటితో అందరూ 'షేక్' అనే అంటారు, కార్డులో మాత్రం ఒకరికి SHAIK, ఇంకొకరికి SHEIK, మరొకరికి SK అని ఉంటుంది. మహమ్మద్ అన్న పేరు కూడా MOHAMMED, MOHD, MD అని రకరకాలుగా పడుతుంది. కాబట్టి ఇంట్లో పిలిచే పేరు, పదో తరగతి మెమోలో ఉన్న పేరు పక్కన పెట్టి, కార్డులో అచ్చయిన పేరునే చూడాలి.

గుర్తుంచుకోవాల్సిన నియమాలు మూడు. పేరులో ఖాళీ ఉంటే దాన్ని వదిలేసి తర్వాతి అక్షరం తీసుకోవాలి. చుక్క ఉంటే వదలకూడదు, చుక్కను కూడా ఒక అక్షరంగానే లెక్కపెట్టాలి. పేరు మొత్తం మూడు అక్షరాలే అయితే ఆ మూడే సరిపోతాయి. పుట్టిన సంవత్సరం 1974 అనుకుంటే ఇలా వస్తుంది:

```
SHAIK JANI BASHA   SHAI1974
SK JANI BASHA      SKJA1974
SK. JANI BASHA     SK.J1974
MD. RAFI           MD.R1974
ALI                ALI1974
```

పైన చెప్పిన తండ్రి విషయంలో జరిగిందీ ఇదే. ఇంట్లో వాళ్లు SHAI1974 కొట్టి చూశారు, తెరుచుకోలేదు. SKJA1974 కూడా పనిచేయలేదు. 'కార్డు తీసి ఒక్కో అక్షరం చదివి చెప్పండి' అని భార్య ఫోన్‌లో అడిగితే, SK తర్వాత చుక్క ఉందని ఆయన చెప్పారు. SK.J1974 కొట్టగానే ఫైల్ తెరుచుకుంది.

సంవత్సరం దగ్గరా ఇలాంటి పొరపాటే జరుగుతుంది. పెద్దవాళ్లకు అసలు పుట్టిన సంవత్సరం ఒకటైతే, ఆధార్ తీసుకునేటప్పుడు అంచనాగా రాయించింది ఇంకొకటి ఉంటుంది. పాస్‌వర్డ్‌కు ఆధార్‌లో ఉన్నదే లెక్క.

పేరు తర్వాత సరిచేయించుకున్న వాళ్లు ఇంకోటి చూసుకోవాలి. SK ను SHAIK గా మార్పించుకున్నా, మార్పుకు ముందు డౌన్‌లోడ్ చేసిన ఫైల్ పాత పేరుతోనే తెరుచుకుంటుంది. ఇంకా వెనకటి ఫైళ్లకైతే అప్పటి చిరునామాలోని ఆరంకెల పిన్‌కోడే పాస్‌వర్డ్‌గా ఉండేది. ఈ-పాన్ పద్ధతి వేరు. దానికి పుట్టిన తేదీని ఎనిమిది అంకెల్లో కొట్టాలి. 5 జూన్ 1974 అయితే `05061974`.

తాళం లేని కాపీ చేసుకోవడం

పాస్‌వర్డ్ తెలిసినంత మాత్రాన పని పూర్తవదు. అదే ఫైల్‌ను మళ్లీ అప్‌లోడ్ చేస్తే మళ్లీ తాళంతోనే వెళ్తుంది. కంప్యూటర్‌లో క్రోమ్‌లో ఫైల్ తెరిచి, పాస్‌వర్డ్ కొట్టి, `Ctrl+P` నొక్కాలి. ప్రింటర్ పేరు ఉండే `Destination` దగ్గర `Save as PDF` ఎంచుకుని కొత్త పేరుతో దాచుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ కొన్ని యాప్‌లలో ఫైల్ తెరిచాక ప్రింట్‌కు వెళ్లి `Save as PDF` ఎంచుకోవచ్చు. ఇలా వచ్చిన కాపీకి తాళం ఉండదు.

పంపే ముందు ఆ కాపీని వేరే ఫోన్‌లో తెరిచి చూడాలి. ఒకసారి పాస్‌వర్డ్ కొట్టిన ఫోన్‌లో కొన్ని యాప్‌లు దాన్ని గుర్తుపెట్టుకుని మళ్లీ అడగవు. దాంతో తాళం పోయిందనుకుని పాత ఫైలే పంపేసే ప్రమాదం ఉంది.

ప్రింట్ పద్ధతికి ఒక పరిమితి ఉంది. అసలు ఫైల్‌లో ఉండే డిజిటల్ సంతకం కొత్త కాపీలో బొమ్మగా మాత్రమే మిగులుతుంది, కంప్యూటర్‌లో దాన్ని సరిచూడడం కుదరదు. క్యూఆర్ కోడ్ మాత్రం స్పష్టంగా ఉంటే స్కాన్ అవుతుంది. డిజిటల్ సంతకం ఉన్న అసలు ఫైలే కావాలని అడిగిన చోట ఆ ఫైలే ఇచ్చి, పాస్‌వర్డ్ విడిగా చెప్పాలి. అందుకే అసలు ఫైల్‌ను తీసేయకుండా దాచుకోవాలి.

ఓటీపీ అడిగితే ఇవ్వొద్దు

చేతిలో ఉన్న ఫైల్ తెరవడానికి ఓటీపీ అక్కర్లేదు. ఓటీపీ కొత్తగా డౌన్‌లోడ్ చేసుకోవడానికే. 'ఫైల్ అన్‌లాక్ చేస్తాం, ఓటీపీ చెప్పండి' అని ఎవరైనా ఫోన్‌లో అడిగితే అనుమానించాల్సిందే. 'పీడీఎఫ్ అన్‌లాక్' అంటూ కనిపించే వెబ్‌సైట్లలో ఆధార్ పెట్టడం కూడా మంచిది కాదు, ఫైల్ మొత్తం తెలియని వాళ్ల సర్వర్‌కు చేరుతుంది.

పేరు, పుట్టిన సంవత్సరం తెలిసిన ఎవరైనా ఈ తాళం తీయగలరన్నది కూడా మరవకూడదు. పూర్తి నంబర్ అవసరం లేని చోట మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వడం మేలు. అందులో మొదటి ఎనిమిది అంకెలు కనిపించవు, చివరి నాలుగే ఉంటాయి. `myaadhaar.uidai.gov.in` లో డౌన్‌లోడ్ చేసేటప్పుడే ఆ ఆప్షన్ టిక్ చేసుకోవచ్చు. దీని పాస్‌వర్డ్ పద్ధతి కూడా అదే.

ఏ పాస్‌వర్డూ పనిచేయకపోతే మిగిలేది కొత్తగా డౌన్‌లోడ్ చేసుకోవడమే. అందుకు ఆధార్‌కు లింకైన నంబర్ పనిచేస్తూ ఉండాలి. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు ఆ సిమ్ ఆగిపోకుండా చూసుకోవాలి. ఆధార్‌లో పేరు ఏ స్పెల్లింగుతో, ఎక్కడ చుక్కతో ఉందో ఇంట్లో ఒక కాగితం మీద రాసి వెళ్తే ఇంకా మంచిది.