స్కానింగ్ కొలతతో గర్భ వయసు నిర్ణయం

గర్భ వయసును చివరి నెలసరి మొదలైన రోజు నుంచి వారాలు, రోజులుగా లెక్కిస్తారు. ఆ తేదీ గుర్తులేకపోయినా, నెలసరి క్రమంగా రాకపోయినా ఈ లెక్క నమ్మదగినది కాదు. అప్పుడు తెలిసిన తేదీన స్కానింగ్‌లో తీసిన కొలతే ఆధారమవుతుంది.

పొట్టలోని గడ్డలను అల్ట్రాసౌండ్‌తో పరీక్షించడంపై గ్లాస్గో వైద్యుడు ఇయాన్ డొనాల్డ్ బృందం 1958లో లాన్సెట్ పత్రికలో వ్యాసం ప్రచురించింది. 1960ల చివర స్టూవర్ట్ క్యాంప్‌బెల్ శిశువు తల అడ్డుకొలతతో వయసు చెప్పే పద్ధతిని రూపొందించాడు. 1973లో హ్యూ రాబిన్సన్ తొలి నెలల్లో తల పైభాగం నుంచి పిరుదుల దాకా ఉండే పొడవును కొలిచాడు. రిపోర్టుల్లో సీఆర్‌ఎల్ అని రాసేది దీన్నే. తొలి మూడు నెలల్లో ఆరోగ్యకరమైన పిండాలన్నీ దాదాపు ఒకే వేగంతో పెరుగుతాయి కనుక ఒక్క కొలతతోనే వయసు ఐదు రోజుల తేడా లోపు తెలుస్తుందని ఆయన చూపాడు. 1975లో రాబిన్సన్, ఫ్లెమింగ్ ప్రచురించిన పరిశోధన నుంచి వచ్చిన సూత్రం నేటికీ వాడుకలో ఉంది. ఇందులో పొడవు మిల్లీమీటర్లలో, ఫలితం రోజుల్లో ఉంటాయి:

```
GA = 8.052 × √(1.037 × CRL) + 23.73
```

కువైట్‌లోని సబా అల్ సలేంలో ఉంటున్న ఒక తెలుగు గర్భిణికి 2024 మార్చి 10న స్కానింగ్‌లో సీఆర్‌ఎల్ 60 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. సూత్రం ప్రకారం వయసు 87 రోజులు, అంటే 12 వారాల 3 రోజులు. ఆమె కడపకు వచ్చి మే 20న వైద్యుణ్ని కలిస్తే, మధ్యలో గడిచిన 71 రోజులను కలపాలి. మొత్తం 158 రోజులు, అంటే 22 వారాల 4 రోజులు. పూర్తి కాలం 280 రోజులు కనుక మార్చి 10కి మిగిలిన 193 రోజులు కలిపితే కాన్పు తేదీ సెప్టెంబరు 19 అవుతుంది. రిపోర్టులోని వయసు స్కానింగ్ జరిగిన రోజుది. దాన్ని రిపోర్టు చూపించిన రోజుదిగా తీసుకుంటే లెక్క తప్పుతుంది.

సీఆర్‌ఎల్ 84 మిల్లీమీటర్లు దాటాక శిశువు వంగి ఉండే తీరు కొలతను మార్చేస్తుంది. అప్పటి నుంచి తల, పొట్ట చుట్టుకొలతలు, తొడ ఎముక పొడవు వాడతారు. 1984లో ఫ్రాంక్ హాడ్‌లాక్ బృందం వీటిని కలిపి సూత్రాలు ఇచ్చింది. నెలలు గడిచేకొద్దీ శిశువుల పెరుగుదలలో తేడాలు పెరుగుతాయి కనుక చివరి మూడు నెలల్లో అంచనా మూడు వారాల దాకా అటూ ఇటూ కావచ్చు. హాడ్‌లాక్ సూత్రం అమెరికా గర్భిణుల కొలతలపై ఆధారపడింది. భారతీయ గర్భిణుల కోసం గురుగ్రామ్‌లో సేకరించిన వివరాలతో ఐఐటీ మద్రాస్, ఫరీదాబాద్‌లోని టీహెచ్‌ఎస్‌టీఐ పరిశోధకులు రూపొందించిన గర్భిణి-జీఏ2 నమూనా 2024లో వెలువడింది.

తొలి స్కానింగ్‌తో నిర్ణయించిన తేదీని తరువాతి స్కానింగ్‌లను బట్టి మార్చరు. పై ఉదాహరణలో మే 20 నాటి కొలతలు 20 వారాలకు సరిపడేలా ఉంటే గర్భ వయసు తగ్గినట్టు కాదు. శిశువు ఎదుగుదల వెనకబడిందేమో వైద్యులు పరిశీలించాలి. తేదీని వెనక్కి జరిపితే ఆ లోపం కనబడకుండా పోతుంది.